పేకముక్కల ధారణ, పరీక్షల బేరం

దిల్‌సుఖ్‌నగర్‌లో శిక్షణ సంస్థల మెట్ల గోడలకు అంటించే ప్రకటనల్లో ఒక రకం ప్రకటన మీద నాకు చాలాకాలంగా అభ్యంతరమున్నది. బాగా కలిపిన పేక కట్టను రెండు నిమిషాలు చూసి, యాభై రెండు ముక్కలనూ వరుస తప్పకుండా అప్పజెప్పే కుర్రవాని బొమ్మ ఒకటి అందులో ఉంటుంది. మీ పిల్లల జ్ఞాపకశక్తిని కూడా ఇలాగే పెంచుతాము, పదవ తరగతిలో మార్కులు వాటంతటవే వస్తాయి అన్న అర్థం వచ్చే వాక్యం దాని క్రింద ఉంటుంది. బొమ్మ నిజం. వాక్యం అబద్ధం. ఈ రెంటినీ అతికించిన జిగురు ఏమిటో విప్పి చూపడానికే ఈ టపా.

ముందుగా ఒక మాట. నా అభ్యంతరం పేక మీద కాదు. పిల్లల చేతికి పేక ఇవ్వడమేమిటని మా వీధిలో కొందరు పెద్దలు కోపించారు. ఆ కోపంలో నాకు పాలు లేదు. ధారణకు పరీక్ష పెట్టాలంటే పేక కట్ట కంటే నిష్పాక్షికమైన వస్తువు దొరకదు. పద్యం కంఠస్థం చేసేవానికి పద్యమే సగం సాయం చేస్తుంది. ఉత్పలమాలలో ఒక మాట జారిపోతే గణం విరుగుతుంది, పదవ అక్షరం దగ్గర యతి నిలదీస్తుంది, ప్రాస చెవి మెలిపెడుతుంది. వేదపాఠకులు క్రమమూ జటా ఘనమూ అని పదాలను ముందుకూ వెనుకకూ త్రిప్పి చదవడంలోనూ తప్పును పట్టుకొనే ఏర్పాటున్నది. పేకలో అటువంటి కాపలా ఏదీ లేదు. ఇస్పేటు ఏడు తరువాత ఏ ముక్కైనా రావచ్చు. ఒక కట్టను ఎన్ని వరుసలుగా పేర్చవచ్చునో లెక్కగడితే అరవై ఎనిమిది అంకెల సంఖ్య వస్తుంది. అర్థమూ ఛందస్సూ లేని ఆ వరుసను మనిషి ఎలా నిలుపుకొంటాడన్నది నిజంగా ఆసక్తికరమైన ప్రశ్న. దీనికి సమాధానం కంఠస్థం కాదు. ఆ ముక్కలకు లేని అర్థాన్ని మనం ముందుగానే కల్పించి పెట్టుకోవడం.

ఆ కల్పన ఎలాగో చెబుతాను. అరవై ఏడవ ఏట, రోజూ ఉదయం అరగంట చొప్పున నాలుగు నెలలు కూర్చుని నేను దీనిని అభ్యసించాను. ఇప్పుడు నాకు ఒక కట్టకు ఏడు నిమిషాలు పడుతుంది. పోటీలవారి లెక్కలో అది నత్తనడక. అయినా పని జరిగే తీరు తెలుసుకోవడానికి ఆ వేగం చాలును.

మొదటి పని, ప్రతి ముక్కకూ ఒక మనిషిని కేటాయించడం. నేను ఇస్పేట్లను భారతానికి, ఆఠీన్లను రామాయణానికి, కళావర్లను వీధిలో తిరిగే వృత్తులవారికి, డైమన్లను నాటక పాత్రలకు ఇచ్చాను. ఇస్పేటు రాజు భీముడు. ఆఠీను రాణి శబరి. డైమను జాకీ కన్యాశుల్కంలోని గిరీశం. ప్రతి మనిషికీ ఒక వస్తువూ ఒక పనీ తోడుండాలి. భీమునికి గద, దానిని గిరగిర త్రిప్పడం. శబరికి రేగుపండు, కొరికి రుచి చూడడం. గిరీశానికి చుట్ట, పొగ వదలడం. ముక్కలు యాభై రెండు కనుక మనుషులూ వస్తువులూ పనులూ కలిపి నూట యాభై ఆరు. ముక్క కనబడిన సెకండులోగా ఈ మూడూ మనసులో మెదిలేదాకా ఉత్త ముక్కలు త్రిప్పుతూ సాధన చేయాలి. నా నాలుగు నెలల్లో మూడు నెలలు దీనికే పోయాయి.

ఇక్కడే ఒక చిక్కు వస్తుంది. మొదట్లో భీమునికీ దుర్యోధనునికీ ఆంజనేయునికీ ముగ్గురికీ గదే తగునని తోస్తుంది. పురాణం ప్రకారం తప్పు లేదు. ధారణ ప్రకారం అది సర్వనాశనం. అప్పజెప్పేటప్పుడు గద కనబడుతుంది గాని ఎవరి గదో తెలియదు. కనుక గద భీమునికే ఉంచి, ఆంజనేయుని చేతికి సంజీవి పర్వతమిచ్చి, దుర్యోధనుణ్ణి మడుగులో దించవలసి వస్తుంది. ఎవరో ముద్రించి పంచిన జాబితాలను పిల్లలచేత వల్లె వేయించే శిక్షకులకు ఈ సంగతి పట్టదు. విదేశీ నటుల పేర్లూ ఇంగ్లీషు మాటలూ నిండిన అటువంటి జాబితా ఒకటి నేను చూశాను. ఆ నటుణ్ణి ఎన్నడూ చూడని పిల్లకు ఆ పేరు కూడా ఇంకొక పేకముక్కే.

రెండవ పని, దారి. మనకు బాగా తెలిసిన దారిలో వరుసగా కొన్ని మజిలీలు ఏర్పరచుకోవాలి. నాది దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్బీనగర్ దాకా, సుమారు నాలుగు కిలోమీటర్లు, పద్దెనిమిది మజిలీలు. సాయిబాబా గుడి, బస్సు డిపో గేటు, చైతన్యపురి చౌరస్తా, కొత్తపేట పండ్ల మార్కెట్టు, విక్టోరియా మెమోరియల్ హోము, వీటి నడుమ నాకు మాత్రమే ముఖ్యమైన ఒక ఇస్త్రీ బండి, ఒక పాత పుస్తకాల దుకాణం, ఇలా సాగి ఎల్బీనగర్ చౌరస్తా దగ్గర ముగుస్తుంది. ఈ దారి మీద 2018 నుండి మెట్రో రైలు తిరుగుతున్నది. స్తంభాలకు వరుస సంఖ్యలు కూడా వేసి ఉన్నాయి కనుక అవే సిద్ధమైన మజిలీలని క్రొత్తవారు అనుకుంటారు. కాని అంతకంటే పనికిరాని మజిలీ ఉండదు. అన్నీ ఒకే పోలిక. ఒక స్తంభం దగ్గర నిలిపిన బొమ్మ పది స్తంభాల అవతల కనబడుతుంది. మజిలీకి దేని ముఖం దానికుండాలి.

ఆ మజిలీ నేడు భూమి మీద ఉండనక్కరలేదు. కొత్తపేటలోని పండ్ల మార్కెట్టును బాటసింగారానికి తరలించి, పాత కట్టడాలను 2022లో కూల్చివేశారు. నా దారిలో మాత్రం బత్తాయి రాశులూ గడ్డి పరచిన మామిడి గంపలూ అలాగే ఉన్నాయి, వాటి మధ్య నా బొమ్మలు హాయిగా నిలుస్తాయి. దీనికి తలక్రిందుల సంగతి కూడా ఉన్నది. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు ప్రేలిన బస్సు స్టాపును నేను దారిలో చేర్చలేదు. అక్కడ ఏ బొమ్మను నిలిపినా దాని వెనుక నుండి ఆ సాయంత్రమే వస్తుంది. గట్టి జ్ఞాపకం నిండి ఉన్న చోటు క్రొత్తదానికి తావివ్వదు.

మూడవ పని, వాక్యం. ఇది తెలుగు పండితుడనైన నాకు మిక్కిలి ఇష్టమైన భాగం. ముక్కలను మూడేసిగా తీసుకోవాలి. మొదటి ముక్కలోని మనిషి కర్త, రెండవ ముక్కలోని వస్తువు కర్మ, మూడవ ముక్కలోని పని క్రియ. ఆఠీను రాణి, ఇస్పేటు రాజు, డైమను జాకీ వరుసగా వచ్చాయనుకోండి. డిపో గేటు దగ్గర శబరి గదను నోట బెట్టుకుని గుప్పుగుప్పున పొగ వదులుతూ ఉంటుంది. ఆ మూడు ముక్కలే వరుస మారి ఇస్పేటు రాజు, డైమను జాకీ, ఆఠీను రాణి అని వస్తే, అదే గేటు దగ్గర భీముడు చుట్టను కొరికి రుచి చూస్తూ ఉంటాడు. ముక్కలు అవే, దృశ్యం వేరు. అంటే లోపలి వరుసను కాపాడుతున్నది కారకం. మజిలీల వరుసను దారి కాపాడుతుంది, మజిలీలోని వరుసను వ్యాకరణం కాపాడుతుంది. పాశ్చాత్యులు ఈ పద్ధతిలో రెండవ ముక్కకు క్రియనూ మూడవదానికి వస్తువునూ ఇస్తారు, ఇంగ్లీషు వాక్యం నడిచే తీరు అది గనుక. మన పిల్లలకు అలాగే నేర్పి తడబడుతున్నారని కోప్పడే శిక్షకులున్నారు. తెలుగువానికి క్రియ చివర వస్తేనే నోరు తిరుగుతుంది. ఏ వరుసైనా ఫలితం ఒకటే, నడుమ మార్చకుండా ఉంటే చాలు.

పదిహేడు మజిలీలకు యాభై ఒక్క ముక్కలు సరిపోతాయి. మిగిలిన ఒక్కటి పద్దెనిమిదవ మజిలీలో ఒంటరిగా నిలబడుతుంది. నిజానికి దానిని గుర్తుంచుకోనక్కరలేదు. తక్కినవి తెలిస్తే మిగిలింది అదే కదా.

చెడేది ఎక్కడంటే, తొందరలో వాక్యం కట్టకుండా మనుషులను మాత్రం నిలిపి ముందుకు సాగినప్పుడు. తిరిగి వచ్చి చూస్తే శబరీ భీముడూ గిరీశమూ ప్రక్కప్రక్కన నిలబడి ఫోటో దిగుతున్నట్టు ఉంటారు. ముగ్గురూ ఉన్నారు, వరుస పోయింది. మూడు ముక్కలను ఆరు విధాలుగా పేర్చవచ్చు గనుక ఇక ఊహించడమే గతి. ఇంకొకటి, నిన్నటి బొమ్మలు. ఒకే దారిలో ఒకే రోజున రెండు కట్టలు నడిపితే మొదటి కట్ట మనుషులు ఖాళీ చేయకుండా కూర్చుంటారు. అందుకే పోటీలవారు పదుల కొద్దీ దారులు సిద్ధంగా ఉంచుకుని, వాడినదానికి కొన్నాళ్ళు విశ్రాంతి ఇస్తారు.

ఈ పోటీలు 1991లో లండన్‌లో మొదలయ్యాయి. మొదటి విజేత డొమినిక్ ఓబ్రయన్. క్రైటన్ కార్వెలో అనే ఆయన ఒక కట్టను దాదాపు మూడు నిమిషాల్లో ధారణ చేయగా టెలివిజన్‌లో చూసి, ఇదెలా సాధ్యమని తానే దారి కనిపెట్టుకున్నవాడు. నియమం కఠినమైనది. చూడడానికి గరిష్ఠంగా ఐదు నిమిషాలు. ఆపైన కలపని మరొక కట్టను చేతికిచ్చి, మొదటి కట్ట వరుసలో పేర్చమంటారు. రెండు కట్టలనూ ప్రక్కప్రక్కన పెట్టి ఒక్కొక్క ముక్కా పోలుస్తారు. మొదటి తేడా దగ్గరే లెక్క ఆగిపోతుంది. 2018లో మంగోలియాకు చెందిన షిజిర్-ఎర్డెన్ బాట్-ఎంఖ్ 12.74 సెకండ్లలో ఒక కట్టను పూర్తి చేశాడు. దీనిని నేను మనసారా మెచ్చుకుంటాను. అదొక క్రీడ, అతడొక క్రీడాకారుడు. పరుగుపందెంలో గెలిచినవాణ్ణి చూపించి, మా దగ్గర చేరితే మీ పిల్లవాడు గణితంలో కూడా పరుగెత్తుతాడని ఎవరైనా అంటే నవ్వుతాము. ఇక్కడ మాత్రం ఎందుకు నవ్వము?

నిరుడు మా ప్రాంతంలోని ఒక ఫంక్షన్ హాలులో జరిగిన ప్రదర్శనకు నేను వెళ్ళాను. మన్సూరాబాద్‌లో ఉండే ఒక ఆటో డ్రైవరు, నా పాత విద్యార్థి, తన కూతుర్ని చేర్పించడానికి ముప్పై వేలు అప్పు చేయబోతూ, ‘మీరు ఒకసారి వచ్చి చూసి చెప్పండి మాస్టారూ’ అని తీసుకువెళ్ళాడు. వేదిక మీద పంతొమ్మిదేళ్ళ యువకుడు. కట్ట కలిపింది ప్రేక్షకులే. రెండు నిమిషాల లోపే చూసి, ఒక్క తప్పు లేకుండా చెప్పాడు. హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను. తరువాత లేచి, ఇంటి దగ్గర కత్తిరించి తెచ్చిన యాభై రెండు అట్టముక్కలు ఇచ్చాను. ఒక్కొక్కదాని మీద ఒక్కొక్క గుణింతపు అక్షరం, కృ, ఘే, ఞౌ, ళా, ఇలా. పేకముక్కలూ యాభై రెండే, ఇవీ యాభై రెండే. రెండు నిమిషాలు వద్దు, ఇరవై నిమిషాలు తీసుకో నాయనా అన్నాను. ఆ యువకుడు నాలుగైదు త్రిప్పి చూసి, నవ్వి, ‘మాస్టారూ, వీటికి నా దగ్గర బొమ్మల్లేవండీ’ అన్నాడు. ఆ ఒక్కమాటలో అతడు మొత్తం శాస్త్రం చెప్పేశాడు. నిర్వాహకుడు వెంటనే మైకు అందుకుని, సమయం మించిపోయింది, రుసుము వివరాలు బయట బల్ల దగ్గర తెలుసుకోవచ్చునన్నాడు.

బొమ్మలు లేవన్న ఆ మాట ఎంత నిజమో ప్రయోగశాలలో ఎప్పుడో తేలింది. 1980లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఎరిక్సన్, చేజ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక సాధారణ విద్యార్థిపై చేసిన పరిశోధనను ప్రకటించారు. సెకండుకొక అంకె చొప్పున చదివితే అతడు మొదట ఏడు అంకెలు తిరిగి చెప్పేవాడు. రెండువందల గంటలకు పైగా సాధన చేసి డెబ్బై తొమ్మిదికి చేరాడు. అతడు దూరపు పరుగులు తీసేవాడు గనుక అంకెలను పరుగుపందెపు సమయాలుగా అర్థం చేసుకునేవాడు. ఒకరోజు అంకెలకు బదులు అక్షరాలు చదివారు. మళ్ళీ ఆరు దగ్గర ఆగిపోయాడు. అన్ని గంటల సాధన తరువాత పెరిగింది జ్ఞాపకశక్తి అయితే అక్షరాలకూ పెరగాలి గదా. 2003లో లండన్‌లో ఎలినార్ మగ్వైర్ బృందం పోటీల స్థాయి ధారణ గలవారు పదిమందిని పరీక్షించింది. వారి తెలివితేటలలో గాని మెదడు నిర్మాణంలో గాని ఇతరులకంటే విశేషమేమీ కనబడలేదు. పదిమందిలో తొమ్మిదిమంది దారి పద్ధతివారే. మంచు రేకుల చిత్రాలు చూపి గుర్తుపట్టమంటే మామూలువారిని మించలేకపోయారు. 2006లో అమెరికా పోటీలో గెలిచిన జాషువా ఫోయర్ అనే రచయిత తన పుస్తకంలో తానే చెప్పుకున్నాడు: గెలిచిన కొద్ది రోజులకే మిత్రులతో భోజనానికి కారులో వెళ్ళి, కారు సంగతి మరచి రైలెక్కి ఇంటికి వచ్చాడట.

శిక్షకులు దీనికి బదులుగా వేరొక పరిశోధన చూపుతారు. 2017లో ప్రకటితమైన దానిలో, ఆరు వారాలు దారి పద్ధతి నేర్చిన మామూలు మనుషులు డెబ్బై రెండు మాటల జాబితాలో అంతకుముందు ఇరవై ఆరు చెప్పగలిగినవారు అరవైకి పైగా చెప్పారు. నిజమే, నేను కాదనను. జాబితాకు ఈ పద్ధతి గొప్పగా పనిచేస్తుంది. వారు పరీక్షించిందీ జాబితానే. ప్రకటనలో ఆ మాట వ్రాయమనే నేనంటున్నది.

ఇక మనవాళ్ళ సంగతి. ఇదంతా మన అవధానమే, తెల్లవారు ఎత్తుకుపోయారని సభల్లో గర్జించే నా తోటి పండితులున్నారు. వారితోనూ నాకు పేచీ ఉన్నది. తిరుపతి వేంకట కవులు శతావధానంలో నూరుగురు పృచ్ఛకులకు విడతలు విడతలుగా పద్యపాదాలు చెప్పి, చివరకు నూరు పద్యాలనూ ధారణ చేసేవారు. ఆ పద్యాలు వారివే, వారి ఛందస్సే వాటికి కావలి. పేకవానికి ఆ సౌఖ్యం లేదు, ఆ సృష్టి కూడా లేదు. పోల్చదలిస్తే అష్టావధానంలోని వ్యస్తాక్షరి ఒక్కటి దగ్గరకు వస్తుంది. పృచ్ఛకుడు తానెంచిన వాక్యంలోని అక్షరాలను చెదరగొట్టి, పదిహేడవది రా, నాలుగవది మి అని నడుమనడుమ చీటీలు అందిస్తాడు. అవధాని వాటిని వాటి స్థానాల్లో ఉంచుకొని చివర వాక్యం చెబుతాడు. స్థానాలు ముందుగా సిద్ధంగా ఉండడం రెంటికీ సమానం. కాని వ్యస్తాక్షరిలో సగం గళ్ళు నిండేసరికి అర్థం తొంగిచూస్తుంది, మిగిలినవాటిని అర్థమే లాక్కువస్తుంది. పేకలో యాభై ముక్కలు తెలిసినా యాభై ఒకటవది ఏదో చెప్పే అర్థం పుట్టదు. పోలిక ఉన్నదని దొంగతనం ఆరోపించడం పండితులకు తగదు. పైగా ఆ గర్జనలనే శిక్షణ సంస్థలవారు తమ ప్రకటనల్లో వాడుకుంటున్నారు, ప్రాచీన భారతీయ విద్య అని.

నా పాత విద్యార్థి అప్పు చేయలేదు. ఆ అమ్మాయి సాయంత్రాలు మా ఇంటికి వచ్చింది. దారి పద్ధతి ఆమెకూ నేర్పాను, రుసుము లేకుండా, పేక లేకుండా. తన బడి దారిలో ఇరవై మజిలీలు ఎంచుకుని, హైడ్రోజన్ నుండి కాల్షియం దాకా ఇరవై మూలకాలనూ ఒక గంటలో వరుసగా నిలబెట్టింది. వారం తరువాత అడిగితే ముందునుండీ వెనుకనుండీ చెప్పింది. పద్దెనిమిదవ మజిలీ మందుల దుకాణం, అక్కడ ఆర్గాన్. పంతొమ్మిదవది ఆంజనేయస్వామి గుడి, అక్కడ పొటాషియం.

పరీక్షలో వచ్చిన ప్రశ్న ఇది: ఆర్గాన్ పరమాణు భారం 39.9, పొటాషియానిది 39.1, అయినా ఆవర్తన పట్టికలో బరువైన ఆర్గాన్ ముందు ఎందుకు వస్తుంది? మందుల దుకాణం దగ్గర ఎంతసేపు నిలబడి చూసినా దీనికి జవాబు కనబడదు. మెండెలీవ్ భారాన్ని బట్టి పేర్చాడనీ, ఆ తరువాత మోస్లే పరమాణు సంఖ్యే అసలు వరుస అని తేల్చాడనీ, ఆర్గాన్‌లో పద్దెనిమిది ప్రోటాన్లూ పొటాషియంలో పంతొమ్మిదీ ఉన్నాయనీ ఆమెకు ఒకరు కూర్చోబెట్టి చెప్పాలి. ఆ పని ఆమె బడిలోని రసాయన శాస్త్రం టీచరుగారు చేశారు, నల్లబల్ల మీద, రెండు పీరియడ్లలో.